ఫ్రిజ్ బరువంతా వీపు మీదే

రద్దీగా నడిచే టిఫిన్ సెంటర్ వెనక ఉదయం ఎనిమిది, తొమ్మిది గంటలప్పుడు పెద్ద గ్యాస్ సిలిండర్లను చూస్తే కింది భాగమంతా చెమట పట్టి కనిపిస్తుంది. నాలుగైదు పొయ్యిలు ఒకేసారి మండుతుంటే ఆ చెమట కాస్తా తెల్లటి మంచు పొరగా మారిపోతుంది. పొయ్యి దగ్గర మంట, సిలిండర్ దగ్గర మంచు. సిలిండర్‌లో ఉన్నది ద్రవం. అది పొయ్యికి చేరాలంటే ముందు ఆవిరి కావాలి, ఆవిరి కావాలంటే వేడి కావాలి. ఆ వేడిని ఇనుప గోడ నుంచీ, ఆ గోడను తాకే గాలి నుంచీ లాక్కుంటుంది. గాలి ఇవ్వగలిగినదానికన్నా వేగంగా లాక్కున్నప్పుడు గోడ చల్లబడి, గాలిలోని తేమ దానిమీద గడ్డకడుతుంది. ఇప్పుడు మన ఇళ్లకు వస్తున్న ఫ్రిజ్‌లలో చాలావాటి గొట్టాల్లో తిరిగేది ఈ వంటగ్యాస్‌కు దగ్గరి బంధువే. దాని పేరు ఐసోబ్యూటేన్. ఫ్రిజ్ వెనక అంటించిన లేబుల్ మీద ఆర్600ఎ అని ఉంటే అదే. కాబట్టి ఫ్రిజ్ లోపల చల్లగా ఎందుకుంటుందన్న ప్రశ్నకు సగం జవాబు ఆ సిలిండర్ దగ్గరే దొరుకుతుంది. కష్టమంతా మిగతా సగంలో ఉంది. సిలిండర్ తన ఆవిరిని మంటకు ఇచ్చేసి చేతులు దులుపుకుంటుంది, ఖాళీ అయితే ఇంకొకటి తెచ్చుకుంటాం. ఫ్రిజ్‌కు ఆ వెసులుబాటు లేదు. దాని దగ్గరున్న యాభై గ్రాముల సరుకునే ఆవిరి చేసి, మళ్లీ ద్రవం చేసి, ఏళ్ల తరబడి తిప్పుకోవాలి. అందుకే ఫ్రిజ్‌లో చల్లబరచడం తేలికపని, లోపలి నుంచి తెచ్చిన వేడిని బయట వదిలించుకోవడమే అసలు పని అంటాను. తలుపు వైపు నుంచి చూస్తే ఈ సంగతి తెలియదు. వీపు వైపు నుంచి చూడాలి.

ముందు ఒక విషయం తేల్చుకోవాలి. ఒక ద్రవం ఎంత వేడి దగ్గర మరుగుతుందన్నది ఆ ద్రవం ఒక్కటే నిర్ణయించేది కాదు, దానిమీద ఉన్న పీడనం కూడా నిర్ణయిస్తుంది. ద్రవం నుంచి ఆవిరిగా లేవాలనుకునే అణువులను పైనున్న పీడనం అదిమి పెడుతుంది. అదుము తగ్గిస్తే కొద్దిపాటి వేడికే లేచిపోతాయి, పెంచితే ఇంకాస్త వేడిగా ఉన్నా ద్రవంలోకే తిరిగొస్తాయి. ఐసోబ్యూటేన్ మామూలు వాతావరణ పీడనంలో సున్నాకు దాదాపు 12 డిగ్రీలు దిగువనే మరుగుతుంది. ఆ పీడనాన్ని సగానికి కాస్త పైకి తగ్గిస్తే మైనస్ 25 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. అదే పీడనాన్ని వాతావరణానికి ఐదు రెట్లకు కాస్త పైగా చేస్తే 40 డిగ్రీల వేడిలోనూ ఆవిరి ద్రవంగా మారిపోతుంది. ఎనిమిది రెట్లకు చేరిస్తే 56 డిగ్రీల దగ్గర కూడా మారుతుంది. పదార్థం ఒక్కటే, మార్చింది పీడనమే. కానీ మరిగే చోటుకూ మళ్లీ ద్రవమయ్యే చోటుకూ మధ్య 80 డిగ్రీల తేడా తెచ్చుకోగలిగాం. ఫ్రిజ్‌లోని ప్రతి భాగమూ ఈ ఒక్క తేడాను పుట్టించడానికో, నిలబెట్టడానికో ఉంది.

ఈ పనిలో మొదటి సగం మనుషులకు ఎప్పుడో చేతనైంది. 18వ శతాబ్దం మధ్యలో స్కాట్లాండ్ వైద్యుడు విలియం కల్లెన్ ఈథర్ ఉన్న పాత్ర నుంచి పంపుతో గాలి లాగేసి, ఆ ఈథర్ మరిగిపోతుండగా చుట్టూ ఉన్న నీళ్లు గడ్డకట్టడం చూపించాడు. అంటే చల్లదనం అప్పటికే చేతికి వచ్చినట్టే. అయినా దాంతో ఎవరూ ఏమీ చేసుకోలేకపోయారు. కాసిని మంచుముక్కల కోసం ఖరీదైన ఈథర్ గాలిలో కలిసిపోతుంటే ఎవరికి గిట్టుబాటు? అమెరికాలో పుట్టి లండన్‌లో స్థిరపడిన జేకబ్ పెర్కిన్స్ 1834లో పేటెంట్ తీసుకున్న యంత్రంలో రెండో సగం వచ్చి చేరింది. ఆవిరిని పంపుతో పీల్చి, అదిమి, చల్లబరిచి, ద్రవంగా మార్చి మొదటి పాత్రకే తిరిగి పంపే మూసిన వలయం అది. అయినా అది వ్యాపారంగా నిలదొక్కుకోవడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది. మద్రాసు సముద్రతీరంలో ఐస్ హౌస్ కట్టింది 1842లో. అమెరికా సరస్సుల మీద కోసి ఓడల్లో తెచ్చిన మంచును దాచడానికి కట్టారు. పేటెంట్ వచ్చి ఎనిమిదేళ్లయినా భూగోళం అవతలి నుంచి మంచు తెచ్చుకోవడమే చవకగా ఉందన్నమాట. కల్లెన్‌కూ పెర్కిన్స్‌కూ ఉన్న తేడా చల్లబరచడంలో లేదు, తిరిగి తెచ్చుకోవడంలో ఉంది.

ఇప్పుడు మన వంటింట్లోని సింగిల్ డోర్ ఫ్రిజ్ గొట్టం వెంటే ఒక చుట్టు తిరిగి వద్దాం. వెనక అడుగున మూత వేసి వెల్డింగ్ చేసిన నల్లటి డబ్బా కంప్రెసర్. లోపల మోటారు, చిన్న పిస్టన్ ఉంటాయి. ఫ్రీజర్ నుంచి వచ్చిన పలుచటి ఆవిరిని అది పీల్చి, గట్టిగా అదిమి, వేడివేడిగా కండెన్సర్‌లోకి తోస్తుంది. పాత ఫ్రిజ్‌లకు వీపు మీద నల్లటి జాలీలా కనిపించేది కండెన్సర్. కొత్తవాటిలో చాలావరకు పక్క రేకుల వెనక దాచేస్తున్నారు. ఇక్కడ ఆవిరి తన వేడిని గదికి వదిలి ద్రవమవుతుంది. అక్కడి నుంచి వేలంత ఫిల్టర్ దాటి కేపిలరీలోకి వెళుతుంది. లోపలి రంధ్రం మిల్లీమీటరు కన్నా సన్నంగా, పొడవు రెండు మూడు మీటర్లుండే రాగి గొట్టం అది. కదిలే భాగం ఒక్కటీ లేదు. అంత సన్నటి దారిలో ద్రవం ఈడ్చుకుంటూ పోవాలి కాబట్టి ఇవతల ఎక్కువ పీడనం, అవతల తక్కువ పీడనం నిలబడతాయి. కంప్రెసర్ ఆగితే ఆ తేడా కూడా మెల్లగా కరిగిపోతుంది. కరెంటు పోయి వెంటనే వచ్చినప్పుడు చాలా ఫ్రిజ్‌లు మొరాయించేది ఇందుకే. రెండు వైపుల పీడనాలూ సమం కాకముందే పిస్టన్‌ను కదపడం చిన్న మోటారుకు శక్తికి మించిన పని.

కేపిలరీ దాటగానే జరిగేదాని గురించి ఒక అపోహ ఉంది. సన్నటి రంధ్రం లోంచి దూకినందుకే ద్రవం చల్లబడుతుందని చాలామంది అనుకుంటారు. దూకడం వల్ల కాదు, మరగడం వల్ల చల్లబడుతుంది. 50 డిగ్రీల ద్రవం ఒక్కసారిగా తక్కువ పీడనంలోకి వస్తే ఆ వేడి దగ్గర అది ద్రవంగా ఉండలేదు. కొంత భాగం అక్కడికక్కడే ఆవిరైపోతుంది, దానికి కావలసిన వేడిని మిగిలిన ద్రవం నుంచే లాక్కుంటుంది. లెక్క వేస్తే మైనస్ 25కు దిగేసరికి దాదాపు సగం సరుకు ఇలా తనను తాను చల్లబరచుకోవడానికే ఖర్చయిపోతుంది. మిగతా సగమే ఫ్రీజర్ గోడల్లోని కాలువల్లో మరుగుతూ పాలనూ కూరగాయలనూ చల్లబరుస్తుంది. ఈ నష్టం తగ్గించడానికి తయారీదారులు ఒక చక్కటి ఉపాయం చేశారు. ఫ్రీజర్ నుంచి కంప్రెసర్‌కు తిరిగొచ్చే చల్లటి గొట్టానికి కేపిలరీని ఆనించి అతికిస్తారు. ఎటూ బయటికి పోతున్న ఆ చల్లదనం లోపలికి వచ్చే ద్రవాన్ని ముందే కాస్త చల్లబరుస్తుంది, తిరిగొచ్చే ఆవిరిలో ద్రవపు బొట్లేమైనా మిగిలి ఉంటే అవీ ఆవిరైపోతాయి. ద్రవం అదిమినా అణగదు, అందుకే ఆ బొట్లు కంప్రెసర్ వాల్వులకు ప్రమాదం. ఫ్రిజ్ మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఈ అతుకే. ఖర్చు లేదు, చప్పుడు లేదు, రెండు పనులు చేస్తుంది.

స్కూలు పాఠం గుర్తున్నవారికి ఇక్కడ ఒక అభ్యంతరం రావాలి. వేడి ఎప్పుడూ వేడి వస్తువు నుంచి చల్లటి వస్తువుకే పోతుంది కదా, మరి 4 డిగ్రీల పెట్టె లోంచి 40 డిగ్రీల గదిలోకి ఎలా పోయింది? గొట్టం వెంట మళ్లీ నడిచి చూస్తే నియమం ఎక్కడా తప్పలేదని తెలుస్తుంది. 4 డిగ్రీల పాలప్యాకెట్టు నుంచి వేడి మైనస్ 25 డిగ్రీల గొట్టంలోకి పోయింది, అంటే దిగువకే. 50 డిగ్రీల కండెన్సర్ నుంచి 40 డిగ్రీల గదిలోకి పోయింది, అదీ దిగువకే. వేడి తనంతట తాను ఎత్తుకు ఎక్కిన చోటు ఒక్కటీ లేదు. ఎక్కించింది కంప్రెసర్, అదీ వేడిని కాదు, వేడిని కడుపులో దాచుకున్న ఆవిరిని. అదిమినందుకు కరెంటు రూపంలో కూలి చెల్లించాం. ఈ కూలి ఎంతన్నది ఫ్రీజర్ గొట్టానికీ కండెన్సర్‌కూ మధ్య ఎత్తు ఎంతన్నదాన్ని బట్టి ఉంటుంది. కింది కొసను చాలావరకు మన అవసరమే నిర్ణయిస్తుంది, ఐస్ గడ్డకట్టాలి కాబట్టి. పై కొసను నిర్ణయించేది గది, గోడ, దుమ్ము.

చిన్న ఫ్రిజ్ నడుస్తున్నంతసేపు లోపలి నుంచి 100 వాట్ల చొప్పున వేడి తీస్తోందనుకుందాం. అందుకు సుమారు 65 వాట్ల కరెంటు తీసుకుంటుంది. అరవై అయిదు ఇచ్చి వంద ఎలా తెచ్చుకున్నాం, ఇది అబద్ధపు లెక్క కాదా అని అడగవచ్చు. కరెంటు వేడిగా మారి వంద కాలేదు. ఉన్న వందను మోయడానికి అరవై అయిదు ఖర్చయింది. ఖర్చయినదీ మాయం కాదు, అదీ వేడిగా మారి 165 వాట్లుగా గదిలోకే వస్తుంది. ఎండాకాలంలో ఫ్రిజ్ తలుపు తీసి కూర్చుంటే గది చల్లబడుతుందేమోనన్న ఆశకు జవాబు ఈ లెక్కే. ముందు నుంచి తీసిన వంద వెనక నుంచి 165 అయి వస్తుంటే గది వేడెక్కడం తప్ప ఇంకేమీ జరగదు. ఏసీకి ఇదే వలయం ఉన్నా దాని వీపు కిటికీ బయట ఉంటుంది, తేడా అంతే. ఈ పని చేయడానికి గొట్టంలో తిరిగే సరుకు సెకనుకు అర గ్రాములోపే. లోపలున్నది నలభై, యాభై గ్రాములు కాబట్టి మొత్తం సరుకు రెండు నిమిషాల్లోపే ఒక చుట్టు తిరిగి వస్తుంది.

ఇక అసలు వాదనకు రుజువు. ఒకే ఫ్రిజ్‌ను, ఒకే ఇంట్లో, రెండు మధ్యాహ్నాల్లో చూద్దాం. పల్నాడులో రెంటచింతల లాంటి ఊరు తీసుకుందాం. జనవరిలో గది 28 డిగ్రీలు, మేలో 44. కండెన్సర్ వేడిని వదలాలంటే గది కన్నా పన్నెండు డిగ్రీలు ఎక్కువ ఉండాలనుకుంటే జనవరిలో అది 40 దగ్గర, మేలో 56 దగ్గర నడుస్తుంది. మే నెలలో గోడల లోంచి లోపలికి చొరబడే వేడే మొదటి దెబ్బ. లోపలి 4 డిగ్రీలకూ బయటికీ తేడా 24 నుంచి 40కి పెరిగింది. ఫ్రీజర్ భాగాన్ని కూడా కలిపి చూస్తే చొరబడే వేడి దాదాపు ఒకటిన్నర రెట్లు. రెండోది, 56 డిగ్రీల దగ్గర బయలుదేరిన ద్రవం తనను తాను చల్లబరచుకోవడానికే ఎక్కువ ఖర్చయి, ప్రతి గ్రామూ మోసే వేడి సుమారు ఆరో వంతు తగ్గుతుంది. మూడోది పైకి కనిపించదు. పిస్టన్ ఎంత పైకి వచ్చినా సిలిండర్ తలకూ దానికీ మధ్య వెంట్రుకంత ఖాళీ ఉంటుంది. అదిమిన ఆవిరి కొద్దిగా అక్కడే చిక్కుకుపోతుంది. పిస్టన్ వెనక్కి వెళ్లేటప్పుడు ముందు అది వ్యాకోచించి చోటు ఆక్రమిస్తుంది, ఆ తరవాతే కొత్త ఆవిరికి దారి దొరుకుతుంది. జనవరిలో అదిమే నిష్పత్తి తొమ్మిదికి ఒకటి, మేలో పదమూడు దాటుతుంది. నిష్పత్తి పెరిగే కొద్దీ ఆ చిక్కుకున్న ఆవిరి ఎక్కువ చోటు తింటుంది, ప్రతి పీల్పులో వచ్చే కొత్త సరుకు తగ్గిపోతుంది. ఈ మూడింటినీ గుణిస్తే జనవరిలో గంటకు 25 నిమిషాలు నడిచి ఆగిన కంప్రెసర్ మేలో 50 నిమిషాలు నడవాలి, నడిచే ప్రతి నిమిషమూ ఎక్కువ కరెంటు తాగుతూ. ఇప్పుడు అదే ఫ్రిజ్‌ను గోడకు ఆనించి, పైన బియ్యం సంచి పెట్టి, పక్క సందులో పాత పేపర్లు కుక్కితే కండెన్సర్ ఇంకో అయిదారు డిగ్రీలు ఎక్కుతుంది. మిగిలిన ఆ పది నిమిషాల వెసులుబాటూ పోతుంది. ఇక కంప్రెసర్ ఆగదు, లోపల చల్లబడదు.

మెషీన్ మారిపోయింది, ఇన్వర్టర్ కంప్రెసర్లు వచ్చాక ఈ గొడవ లేదని ఎవరైనా అనవచ్చు. ఇన్వర్టర్ ఆదా చేసే మాట నిజమే, కానీ అది ఎలా చేస్తుందో చూస్తే నా వాదనకే బలం చేకూరుతుంది. గంటలో సగంసేపు పూర్తి వేగంతో నడిచే బదులు గంటంతా సగం వేగంతో నడిస్తే కండెన్సర్ ఒక్కో నిమిషానికి వదలాల్సిన వేడి సగమవుతుంది. అప్పుడు గది కన్నా పన్నెండు డిగ్రీలు ఎక్కువ ఉండాల్సిన పని లేదు, ఆరేడు డిగ్రీలు చాలు. పై కొస దిగింది, లోపల గొట్టం కూడా అంత చల్లగా ఉండనక్కర్లేదు కాబట్టి కింది కొస పైకి వచ్చింది. ఎత్తు తగ్గింది, కూలి తగ్గింది. అయితే వెనక గాలి ఆడకపోతే ఇన్వర్టర్ కూడా వేగం పెంచుకోక తప్పదు. లోపలివైపు ఇదే నష్టం మంచు పొర చేస్తుంది. ఫ్రీజర్ గోడమీద వేలు మందం మంచు పేరుకుంటే వేడి గొట్టాన్ని చేరలేదు. గొట్టం ఇంకా చల్లబడాలి, పీడనం ఇంకా పడిపోవాలి, పలుచబడ్డ ఆవిరిని కంప్రెసర్ ఇంకా ఎక్కువసేపు పీల్చాలి.

కొత్త ఫ్రిజ్ కొన్నవారు పక్కలు కాలిపోతున్నాయని షాపుకు ఫోన్ చేయడం మామూలే. పక్కలు వేడిగా ఉండటం రోగం కాదు, లోపలి వేడి బయటికి వస్తోందనడానికి ఆనవాలు. భయపడాల్సింది కంప్రెసర్ గుర్రుమంటూ గంటల తరబడి నడుస్తున్నా కండెన్సర్ గోరువెచ్చగా కూడా లేనప్పుడు. అంటే మోయడానికి వేడి రావడం లేదు. సరుకు తగ్గిపోయి ఉండాలి, లేదా దారి మూసుకుపోయి ఉండాలి, అదీ కాకపోతే వాల్వులు అరిగి కంప్రెసర్ అదమలేకపోతూ ఉండాలి. ఫ్రీజర్‌లో ద్రవం ప్రవేశించే మూల మాత్రమే మంచు పట్టి మిగతా గోడ పొడిగా ఉంటే సరుకు తక్కువైందని అనుమానించాలి. ఉన్న కొద్దిపాటీ మొదట్లోనే మరిగిపోయి, తరవాతి కాలువల్లో చల్లబరిచేది ఏమీ మిగలదు. ఫ్రిజ్ కొన్ని గంటలు బాగా పనిచేసి, మానేసి, కరెంటు తీసి మంచు కరిగాక మళ్లీ పనిచేస్తే దోషం వేరు. గొట్టంలో చుక్క తేమ చిక్కుకుని కేపిలరీ కొస దగ్గర గడ్డకట్టి దారి మూస్తోంది. ఫిల్టర్‌లో గింజలు పోసి పెట్టేది ఆ తేమను పట్టి ఉంచడానికే, అందుకే గొట్టం కోసిన ప్రతిసారీ దాన్ని మార్చాలి.

దీనితో ముడిపడి మన ఊళ్లలో ఒక నమ్మకం పాతుకుపోయింది. రెండు మూడేళ్లకోసారి ఫ్రిజ్‌లో గ్యాస్ అయిపోతుందని, నింపించుకోవాలని. ఇప్పటిదాకా చెప్పిన వలయంలో సరుకు మండదు, అరగదు, రూపం మార్చుకుంటుందంతే. తగ్గిందంటే ఎక్కడో చిల్లి పడింది. గడ్డకట్టిన గిన్నెను చాకుతో పెకలిస్తుంటే అల్యూమినియం ఫ్రీజర్ గోడకు పడ్డ గాటే చాలాసార్లు ఆ చిల్లి. ఐసోబ్యూటేన్ ఫ్రిజ్‌లో దీనికి ఇంకో చిక్కు ఉంది. నడుస్తున్నప్పుడు ఫ్రీజర్ వైపు పీడనం బయటి గాలి కన్నా తక్కువ కదా. అందుకే అక్కడ చిల్లి పడితే లోపలిది బయటికి రాకముందే బయటి గాలి, తేమ లోపలికి దూరతాయి. ఆ గాలి కండెన్సర్‌లో ద్రవం కాలేదు, ఆవిరికి చోటివ్వకుండా అడ్డం కూర్చుని పీడనాన్ని పెంచుతుంది. కాబట్టి చిల్లి వెతకకుండా, వాక్యూమ్ పెట్టి గాలినీ తేమనూ లాగకుండా పైపైన గ్యాస్ పోసి వెళ్లిన రిపేరు రిపేరు కాదు. కొలత కూడా ఇక్కడ కీలకం. లేబుల్ మీద 45 గ్రాములని ఉంటే తూకం వేసి అంతే నింపాలి. పది గ్రాముల తేడా అంటే సరుకులో నాలుగో వంతుకు దగ్గర.

వంటగ్యాస్ చుట్టాన్ని ఇంట్లో మోటారు పక్కన పెట్టుకోవడం ప్రమాదం కాదా అన్న సందేహం సహజమే. దీనికి కాస్త ముందు ఫ్రిజ్‌లలో వాడినవి మండేవి కావు. వాటిలో ఆర్12 ఓజోన్ పొరను తినేస్తుందని తేలి, 1987 మాంట్రియల్ ఒప్పందం దాన్ని దశలవారీగా తప్పించింది. దాని బదులు వచ్చిన ఆర్134ఎ ఓజోన్ జోలికి పోదు గానీ, బరువుకు బరువు చూస్తే కార్బన్ డయాక్సైడ్ కన్నా వెయ్యి రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. ఐసోబ్యూటేన్‌కు ఈ రెండు దోషాలూ లేవు, మండటమే దాని దోషం. అయితే వంటింటి సిలిండర్‌లో 14.2 కిలోలుంటే ఫ్రిజ్‌లో ఉన్నది యాభై గ్రాములు, అదీ వెల్డింగ్ చేసిన గొట్టాల్లో. మామూలు వాడకంలో భయం పెట్టుకోనక్కర్లేదు. భయం ఉండాల్సింది రిపేరు సమయంలో. లోపల ఐసోబ్యూటేన్ మిగిలి ఉండగా గొట్టాన్ని మంటతో అతకడం, కిటికీలు మూసిన గదిలో దాన్ని వదిలేయడం నిప్పుతో చెలగాటమే. పనితెలిసిన మెకానిక్ ముందు లేబుల్ చదువుతాడు, ఆర్600ఎ అని ఉంటే ఫ్రిజ్‌ను ఆరుబయటికో గాలి ఆడే చోటికో జరిపిస్తాడు, గొట్టం ఖాళీ చేసి వాక్యూమ్ పెట్టాకే అతుకు సంగతి చూస్తాడు, వీలైతే మంట అవసరం లేని బిగింపు జాయింట్లు వాడతాడు.